చెద మందు దేన్ని కాపాడుతుంది?



ఢిల్లీలో తొలి వాన పడిన సాయంత్రం వీధి దీపాల చుట్టూ ఉసిళ్ళు ముసురుకుంటాయి. మర్నాడు కిటికీ గూట్లో రాలిన రెక్కలు కనపడగానే, ద్వారకాలోనో నోయిడాలోనో ఉన్న మనవాళ్ళు పక్కింటివాళ్ళను అడుగుతారు. 'దీమక్ పట్టినట్టుంది, మందు కొట్టించాలి, ఎవరైనా తెలిసినవాళ్ళున్నారా' అని. ఆ సాయంత్రానికే ఒకతను వస్తాడు. ఒక ధర చెప్తాడు, ఐదేళ్ళ గ్యారంటీ అంటాడు. దేనికి గ్యారంటీ అని మాత్రం ఎవరూ అడగరు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ప్రశ్న గురించే.

చెద నివారణకు ప్రధానంగా మూడు దారులున్నాయి. నేలలో మందు పోయడం, ఎర పెట్టడం, కలపకే మందు పట్టించడం. ఒకే పనికి మూడు మందులున్నాయనీ, అందులో మంచిది ఎంచుకుంటే చాలనీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నేల మందు కాపాడేది నేలకూ ఇంటికీ మధ్య ఉన్న సరిహద్దును. ఎర నేరుగా ఏ వస్తువునూ కాపాడదు, పుట్టనే దెబ్బ తీయాలని చూస్తుంది. కలప మందు కాపాడేది ఆ ఒక్క చెక్కను. ఈ తేడా తెలియకపోతే డబ్బు ఒకచోట పోస్తాం, చెద ఇంకోచోట తింటూనే ఉంటుంది.

ముందు పురుగు సంగతి చూద్దాం. ఢిల్లీ చుట్టుపక్కల ఇళ్ళను పాడుచేసే చెద దాదాపు అంతా నేలలో కాపురముండేదే. దానికి తేమ కావాలి. ఆరుబయట గాలి తగిలితే ఎండిపోతుంది. అందుకే నేల నుంచి తలుపు చట్రం దాకా మట్టితో గొట్టంలాంటి బాట కట్టుకుని అందులో తిరుగుతుంది. ఆ బాట మధ్యలో రెండంగుళాల మేర చెరిపి చూడండి. రెండు మూడు రోజుల్లో మళ్ళీ కట్టుకుంటే పురుగు రాకపోకలు సాగుతున్నట్టే. కట్టుకోకపోతే పురుగు పోయిందని మాత్రం అనుకోవద్దు, అది ఇంకో దారి పట్టి ఉండవచ్చు.

మట్టి జాడ ఎక్కడా లేకుండా, చెక్కకు సన్నని చిల్లులు పడి, కింద పిండిలాంటి పొడి కుప్పగా రాలుతుంటే అది చెద కాదు. చెక్కను తొలిచే ఒక రకం పెంకుపురుగు. దానికి నేలతో పనిలేదు. ఆ పొడి చూసి భయపడి ఇంటి చుట్టూ నేలలో మందు పోయించినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఖర్చంతా వృథా.

ఇక నేల మందు. మన దేశంలో దీనికొక ప్రమాణం ఉంది, ఐఎస్ 6313 అని. దాని రెండో భాగం ఇల్లు కట్టేటప్పుడు చేసే పనికి, మూడో భాగం కట్టిన ఇంటికి. ఒకప్పుడు ఈ పనికి ఆల్డ్రిన్, క్లోర్డేన్ వాడేవారు. నేలలో ఏళ్ళ తరబడి విరగకుండా ఉండటమే వాటి బలం. అదే వాటి దోషం కూడా అయింది. నేల నుంచి నీళ్ళలోకి, జీవుల ఒంటి కొవ్వులోకి చేరాయి. అమెరికా 1988లో క్లోర్డేన్‌ను ఆపింది, మన దేశం ఈ రెండింటినీ 1996లో నిషేధించింది. వాటి స్థానంలో క్లోర్‌పైరిఫాస్ వచ్చింది, తర్వాత బైఫెంత్రిన్, ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్. క్లోర్‌పైరిఫాస్‌ను 2025లో అంతర్జాతీయంగా స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో, కొన్ని మినహాయింపులతో, చేర్చారు. ఢిల్లీ నేలల్లాంటి క్షారగుణమున్న మట్టిలో అది త్వరగా విరిగిపోతుంది కూడా. ఈ రెండు కారణాల వల్ల, నివాసమున్న ఇంట్లో దాన్ని నేనైతే కోరను.

ఈ మందుల్లో మనకు పనికొచ్చే తేడా ఒకటుంది. బైఫెంత్రిన్ తగిలితే చెద వెనక్కి తిరుగుతుంది. అది గోడలాంటి మందు. ఆ గోడలో ఎక్కడైనా సందుంటే పురుగు వెతుక్కుని ఆ సందులోంచే వస్తుంది. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ ఉన్న సంగతి చెదకు తెలియదు. అందులోంచి నడుస్తుంది, ఒంటికి పూసుకుని గూటికి వెళ్తుంది, ఒకదాన్నొకటి నాకే అలవాటు వల్ల కొన్నిటికి అంటిస్తుంది, నెమ్మదిగా చస్తుంది. కట్టిన ఇంట్లో మందు ఎక్కడా సందు లేకుండా పడటం దాదాపు అసాధ్యం. కాబట్టి అక్కడ ఈ రెండో రకమే మేలు.

లెక్క తెలియడానికి ఒక ఇల్లు తీసుకుందాం. నేల అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాట్. కింద బేస్‌మెంటు లేదు, గచ్చు కింద నేరుగా మట్టే. పడకగది తలుపు చట్రానికి చెద పట్టింది, పక్కనున్న బీరువా వెనక ప్లైవుడ్ డొల్లయింది. హాలు, రెండు పడకగదులు, వంటగది, వీటి గోడలు గచ్చును కలిసే అంచు మొత్తం కొలిస్తే సుమారు 55 మీటర్లు వచ్చిందనుకుందాం. ప్రమాణం ప్రకారం ఆ అంచు వెంట ప్రతి 300 మిల్లీమీటర్లకు, అంటే అడుగుకొకటి చొప్పున, 12 మిల్లీమీటర్ల చిల్లు గచ్చు దాటి మట్టి తగిలేదాకా వేయాలి. చిల్లుకు లీటరు మించకుండా మందునీళ్ళు పంపుతో ఎక్కించాలి. 55 మీటర్లకు సుమారు 180 చిల్లులు, 180 లీటర్లు. బయట వైపు సిమెంటు చేసిన గోడవార 18 మీటర్లుంటే అక్కడ కూడా అడుగుకొక చిల్లు, మీటరుకు రెండుంపావు లీటర్ల చొప్పున 40 లీటర్లు. అంతా కలిపి 220 లీటర్లు.

ఇప్పుడు మందు ఎంత కావాలో చూడండి. 30.5 శాతం ఇమిడాక్లోప్రిడ్ అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు, అంటే 220 లీటర్లకు దాదాపు 460 మిల్లీలీటర్లు. 20 శాతం క్లోర్‌పైరిఫాస్ అయితే ఒక పాలు మందుకు 19 పాళ్ళ నీళ్ళు, అంటే 11 లీటర్ల మందు. వచ్చినతను వీపున పదిహేను లీటర్ల పంపు తగిలించుకుని గంటలో పని ముగించాడంటే అతను నేలకు మందు పట్టించలేదు, గచ్చు మీద చల్లాడంతే. డబ్బా సీలు మీ ఎదుట తీయమనండి, పేరూ శాతమూ గడువు తేదీ చదవండి, ఎన్ని డ్రమ్ముల నీళ్ళు కలిపాడో లెక్కపెట్టండి. గ్యారంటీ కాగితం కన్నా ఈ లెక్క నమ్మదగ్గది.

స్నానాల గదిలో మాత్రం చిల్లులు వేయనివ్వొద్దు, నీరు కారకుండా వేసిన పొర తెగుతుంది. దాని అవతలి గది వైపు నుంచి వేయించుకోవాలి. ఎన్‌సీఆర్ ఇళ్ళలో ఇంకో జాగ్రత్త తప్పనిసరి. నేలలోపలి నీళ్ళ ట్యాంకు చాలాచోట్ల పునాదిని ఆనుకునే ఉంటుంది. ఆ ట్యాంకు గోడ చుట్టూ మట్టిలో మందు పోయించకూడదు. సిమెంటులో కంటికి కనపడని పగులు చాలు, తాగే నీళ్ళలోకి చేరడానికి. బోరుబావి పక్కనా అంతే. ఆ భాగాన్ని వదిలేస్తే సరిహద్దు అక్కడ తెగుతుంది నిజమే. దానికి వేరే ఉపాయం ఉంది, ఎర దగ్గర చెప్తాను.

ఈ నేల మందు ఎప్పుడు విఫలమవుతుంది? మందు పట్టిన మట్టిని కదిపినప్పుడు. ఏడాది తర్వాత గ్యాసు పైపు కోసం గోడవార తవ్వుతారు, తవ్విన మట్టి తిరిగి పూడుస్తారు, అక్కడ సరిహద్దు పోతుంది. గోడకానించి కొత్తగా పూలమడి కట్టి బయటి మట్టి పోస్తే, చెద ఆ కొత్త మట్టి మీదుగా, మందుకు అంటకుండా గోడెక్కుతుంది. ఇల్లు కట్టేటప్పుడు పునాది పూడ్పులో సెంట్రింగు చెక్కముక్కలు వదిలేయడం ఇంకో కారణం. చెదకు ముందే అన్నం పెట్టి ఆ మీద ఇల్లు కట్టినట్టు.

ఇంకో సంగతి. నేల మందు పడ్డాక కూడా తలుపు చట్రంలో అప్పటికే ఉన్న చెద అక్కడే ఉంటుంది. నేలతో రాకపోకలు తెగితే మెల్లగా చావవచ్చు. అయితే గోడలో నీళ్ళ పైపు చెమ్మ ఉంటే అక్కడి తేమతోనే చాలాకాలం బతకగలదు. అందుకే చట్రం గోడను కలిసేచోట, 45 డిగ్రీల వాలులో 6 మిల్లీమీటర్ల చిల్లులు 150 మిల్లీమీటర్లకొకటి వేసి, నూనెలో కలిపిన మందు చిల్లుకు అర లీటరు మించకుండా పోయమని ప్రమాణం చెప్తుంది. దీన్ని చాలామంది ఎగ్గొడతారు. ఒప్పందంలో విడిగా రాయించుకోండి.

నాలుగో అంతస్తులో ఉండేవాళ్ళు అడుగుతారు, మా ఇంటికీ గచ్చులో చిల్లులు వేయాలా అని. వద్దు. మీ గచ్చు కింద మట్టి లేదు, స్లాబు ఉంది, దాని కింద పొరుగువాళ్ళ సీలింగు ఉంది. వేసే చిల్లు కరెంటు గొట్టానికి తగలడం తప్ప లాభం లేదు. చెద మీ ఇంటికి పైపుల డక్టు వెంటో, లిఫ్టు గోడ వెంటో, రెండు భవనాల మధ్య సందులోంచో ఎక్కి వచ్చింది. మందు పడాల్సింది ఆ భవనం మొదట్లో. అంటే కింది అంతస్తు వారు, మీరు, మధ్యవారు అందరూ కలిసి చేయించుకోవాల్సిన పని అది. బిల్డర్ ఫ్లోర్లలో నాలుగు ఇళ్ళకు నలుగురు యజమానులుంటారు, ఎవరికి వారు చేయించుకుంటారు. చెద దారి మాత్రం నలుగురి గోడల వెంటా సాగుతూనే ఉంటుంది.

రెండో దారి ఎర. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో నాన్ యావ్ సూ అనే శాస్త్రవేత్త చేసిన కృషి నుంచి వచ్చింది, 1995లో మార్కెట్లోకి దిగింది. దీని ఆలోచన చాలా తెలివైనది. పురుగు పెరుగుతూ పాత చర్మం విడిచి కొత్త చర్మం కట్టుకుంటుంది. కొత్త చర్మం కట్టనీయని మందును, హెక్సాఫ్లూమురాన్, క్లోర్‌ఫ్లూఅజురాన్ లాంటివి, చెదకు ఇష్టమైన చెక్కపీచులో కలిపి డబ్బీల్లో పెడతారు. తిన్న పురుగు వెంటనే చావదు. పుట్టకు మోస్తుంది, మిగతావాటికి తినిపిస్తుంది. చర్మం విడిచే వేళ వచ్చినప్పుడు చస్తుంది. పని చేసే చెద తగ్గితే రాణికి, పిల్లలకు తిండి పెట్టేవాళ్ళుండరు, పుట్ట కూలుతుంది. నేలలో మందు వందల లీటర్లు పోయాల్సిన పని లేదు. తాగే నీళ్ళ ట్యాంకు పక్కన కూడా పెట్టవచ్చు.

అయితే ఇది మన నేలకు ఎంత సరిపోతుంది? ఇక్కడ నిజం చెప్పాలి. ఎర అద్భుతంగా పనిచేసినట్టు వచ్చిన ఫలితాల్లో ఎక్కువ భాగం ఒక రకం చెద మీద వచ్చాయి, అవి కాప్టోటెర్మిస్, రెటిక్యులిటెర్మిస్ జాతులు. ఉత్తర భారతంలో కాప్టోటెర్మిస్ హెయిమీ, హెటెరోటెర్మిస్ ఇండికోలా అనే రెండూ ఈ కోవకే చెందుతాయి, ఇళ్ళకు పడతాయి కూడా. వీటిలో పని చేసే పురుగులే చర్మం విడుస్తుంటాయి, కాబట్టి మందు నేరుగా వాటి మీద పనిచేస్తుంది. కానీ ఢిల్లీ నేలల్లో ఇంకో పెద్ద కుటుంబం ఉంది, ఓడోంటోటెర్మిస్, మైక్రోటెర్మిస్. ఇవి తిన్న చెక్కను పుట్టలో బూజు తోటగా పెంచి, ఆ తోటను తింటాయి. వీటిలో పనివాళ్ళుగా ఎదిగిన పురుగులు మళ్ళీ చర్మం విడవవు. మందు వాటిని దాటి, బూజు తోట దాటి, పుట్టలో ఉన్న పిల్లల దాకా చేరాలి. చాలాసార్లు చేరదు, లేదా చాలా ఆలస్యంగా చేరుతుంది. ఆగ్నేయాసియాలోనూ ఇలా బూజు పెంచే మాక్రోటెర్మిస్ మీద ఎరలు బాగా పనిచేయలేదు.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో కొంత పసిగట్టవచ్చు. మట్టి బాట విప్పి, పెద్ద తలా కోరలూ ఉన్న కాపలా పురుగును పుల్లతో తాకండి. నుదుటి నుంచి పాలలాంటి తెల్లని చుక్క చిమ్మితే అది కాప్టోటెర్మిస్. దానికి ఎర మంచి ఎంపిక. చెట్ల బోదెల మీద, కంచె కర్రల మీద మట్టిని పలకలా పూసి, దాని చాటున బెరడు తినేవి మామూలుగా బూజు పెంచే రకాలు. వాటికి ఎర ఒక్కటే నమ్ముకోవద్దు. అనుమానముంటే నాలుగు కాపలా పురుగుల్ని చిన్న సీసాలో స్పిరిట్‌లో వేసి కంపెనీవాళ్ళకు చూపించి, జాతి పేరు అడగండి. చెప్పలేనివాళ్ళు ఎర అమ్మజూపితే ఆలోచించుకోండి.

ఇంకొక పరిమితి. ఎర డబ్బీ పెట్టిన రోజు నుంచి పుట్ట కూలేదాకా నెలలు పడుతుంది. ఆ నెలల్లో బీరువాను చెద తింటూనే ఉంటుంది. ఒక పుట్ట పోయాక పక్క పుట్ట వచ్చేందుకు అడ్డేమీ లేదు, అందుకే డబ్బీలను ఏడాది పొడుగునా, ఏటా చూస్తూ ఉండాలి. చూడటం మానేసిన ఎర మట్టిలో పాతిన ప్లాస్టిక్ డబ్బీ మాత్రమే. పైగా ఎర పెట్టినచోట పురుగుమందు స్ప్రే చల్లితే చెద ఆ వైపే రాదు. ఇంట్లో ఎవరూ హిట్ పట్టుకుని మట్టి బాటల మీద కొట్టకూడదు.

మూడో దారి కలప మందు. దీని చరిత్రలో మనవాడొకరు నిలబడి ఉన్నారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో ఒక మిశ్రమం కనిపెట్టారు. అందులో రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగును ఆపుతుంది. ఈ రెండూ వానకు కొట్టుకుపోకుండా క్రోమియం వాటిని చెక్క పీచుకు పట్టి ఉంచుతుంది. ఆర్సెనిక్, కుప్రం పేర్లు కలిపి దాన్ని ఆస్కు అన్నారు. 1938లో అమెరికా పేటెంటు వచ్చింది. తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతటా కరెంటు స్తంభాలూ, కంచెలూ, రేవుల గుంజలూ ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. ఆర్సెనిక్ భయంతో అమెరికా 2003 చివరికల్లా ఇళ్ళ వాడకానికి దాన్ని ఆపేసింది. బయటి స్తంభాలకు మాత్రం ఉంచింది. అలాంటి కలపను పొయ్యిలో పెట్టకూడదు, దాని పొగా బూడిదా విషమే.

కామేశం గారి పనిలో మనకు ఇవాళ్టికీ కావాల్సిన విషయం మందు పేరు కాదు, మందు చెక్కలోకి వెళ్ళే పద్ధతి. ఆరిన కలపను ఇనుప సిలిండర్లో పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో మందు ఎక్కిస్తే అది పీచు లోపలికి పోతుంది. బ్రష్షుతో పూస్తే పైన ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తడుస్తుంది. ఆ పైన వడ్రంగి కోసినా, చిల్లు పెట్టినా, మందు పట్టని చెక్క బయటపడుతుంది. చెద సరిగ్గా అక్కడినుంచి లోపలికి వెళ్తుంది. పైగా టేకు, సాల వంటి వాటి చేవకు సహజంగానే చెద సులువుగా పట్టదు, అదే చెట్టు తెల్లచెక్కకు పడుతుంది. టేకు కొన్నామనుకుంటాం, చట్రంలో తెల్లచెక్క ఉంటే చెదకు అదే తోవ. ఇంటి లోపలి కలపకు వెలిగారం, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళు తేలికైన మార్గం. పచ్చి చెక్కను ముంచి, కప్పి, వారాల పాటు ఉంచితే తేమ వెంట లోపలికి పాకుతుంది. వాన తగిలేచోట మాత్రం అది కరిగిపోతుంది.

ప్లైవుడ్ సంగతి. బీరువాలు చేయించేటప్పుడు ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై అడిగితే అందులో పొరలకు మందు పట్టించి ఉంటుంది. మామూలు కమర్షియల్ ప్లై, ఎమ్‌డీఎఫ్, రంపప్పొట్టు బోర్డు, ఇవి చెదకు ఇష్టమైన తిండి.

కలప మందుకున్న గట్టి పరిమితి ఇది. మందు పట్టిన చెక్క తనను తాను కాపాడుకుంటుంది, పక్కదాన్ని కాదు. మందు పట్టిన చట్రం మీద చెద మట్టి బాట కట్టుకుని, దానికి పంటి గాటు పెట్టకుండా, దాటి పోయి వెనకనున్న పుస్తకాలను, అట్టపెట్టెలను తినగలదు. చట్రం బాగుంది కదా అని పుస్తకాల అల్మారా చూడటం మానకూడదు.

ఇప్పుడు మన ఫ్లాటుకు తిరిగి వద్దాం. నేనైతే ఆ ఇంటివారికి ఇలా చెప్తాను. ఇమిడాక్లోప్రిడ్‌గానీ ఫిప్రోనిల్‌గానీ లేబుల్ మోతాదులో, 220 లీటర్ల లెక్క ఒప్పందంలో రాయించి, గదుల అంచుల్లోనూ బయట గోడవారా చిల్లులు వేయించండి. నీళ్ళ ట్యాంకు వైపు మట్టిలో మందు వద్దు. అక్కడ కాపలా పురుగు జాతి చూసి, కాప్టోటెర్మిస్ అయితే ఎర డబ్బీలు పెట్టించండి, లేకపోతే ఆ వైపు గోడను నెల నెలా లైటు వేసి చూడండి. చట్రంలో చిల్లులు వేయించి నూనె మందు పోయించండి. డొల్లయిన ప్లైవుడ్‌కు మందు కొట్టి లాభం లేదు, తీసేసి ఐఎస్ 710 వేయించండి. గోడకు అంటి ఉన్న కారే పైపు ఉంటే మొదట దాన్ని బాగుచేయించండి. మందు పోసిన పదిహేను రోజులకు ఒకసారి, తొలివానల తర్వాత ఇంకోసారి, మట్టి బాటలు చెరిపిన చోట్లన్నీ చూడండి. కొత్త బాట ఏ చిల్లుల మధ్య నుంచి వచ్చిందో చూస్తే, మందు ఎక్కడ పడలేదో తెలుస్తుంది. గ్యారంటీ కింద వాళ్ళను పిలవాల్సింది సరిగ్గా ఆ చోటికే.